నలభై శాతం బ్లాకు మీద గడ్డ: పొగ మానిన ఒక లారీ డ్రైవర్ కేసు

ఆయన్ని గుంటూరులో మా దగ్గరికి తీసుకొచ్చేసరికి ఉదయం ఎనిమిదయింది. వయసు 41. లారీ డ్రైవర్. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, పేరు రాయడం లేదు.

తెల్లవారుజామున మూడు గంటలకి మార్టూరు దగ్గర హైవే పక్కన టీ తాగడానికి బండి ఆపాడు. టీతోపాటు రెండు సిగరెట్లు అయ్యాయి. మూడోది సగంలో ఉండగా గుండెల మీద బండరాయి పెట్టినట్టయింది. నొప్పి ఎడమ భుజానికి, దవడకి పాకింది, చొక్కా తడిసిపోయేలా చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకుని ఒక సోడా తాగాడు. అదృష్టం కొద్దీ క్లీనర్ కుర్రాడు అక్కడితో ఊరుకోకుండా దారిన పోయే కారు ఆపి నాలుగింటికల్లా చిలకలూరిపేటలో ఒక ఆసుపత్రికి చేర్చాడు. అక్కడి డాక్టరుగారు ఈసీజీలో వీ1 నుంచి వీ4 దాకా ఎస్‌టీ గీత పైకి లేచి ఉండటం చూసి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇచ్చారు. నాలుగున్నర లోపే గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ చేశారు. మనిషి 66 కిలోలు కాబట్టి డోసు 35 మిల్లీగ్రాములు. ఆరింటికి నొప్పి పోయింది, లేచిన గీత సగానికి పైగా దిగింది. ఆ డాక్టరుగారు చేసిన పనే ఈ కథలో సగం. మేం చేసింది ఆ తర్వాతిది.

ఆయన మంచం మీద పడుకుని నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. "సార్, నాకు షుగర్ లేదు, బీపీ లేదు. కొవ్వు కూడా పెద్దగా లేదన్నారు. మా నాన్నకి డెబ్బై రెండు, పొలం పనికి పోతాడు. మరి నాకెందుకొచ్చింది?"

అడగాల్సిన ప్రశ్నే. మూడు నెలల సగటు షుగర్ 5.6. బీపీ 128/82. చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 118, మరీ మంచిది కాదు గాని, 41 ఏళ్ళకే గుండెపోటు తెచ్చేంత కాదు. ఇంట్లో ఎవరికీ చిన్న వయసులో గుండెజబ్బు లేదు. మిగిలింది పొగ ఒక్కటే.

ఎన్ని తాగుతారని అడిగితే రోజుకి ఒక పెట్టె అన్నాడు. మన దగ్గర ఎక్కువమంది కొనే పెట్టెలో పదే ఉంటాయి కాబట్టి పది అని రాసుకుని వదిలేయబోయాను. పక్కనే నిలబడ్డ వాళ్ళావిడ ఊరుకోలేదు. "ఒక పెట్టె ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో సార్. బండెక్కితే పెట్టెన్నర, ఆపైన బీడీలు." బీడీలని ఆయన లెక్కలోకే తీసుకోలేదు, ఎందుకంటే అవి చిన్నవి. నిజానికి ఒక బీడీలో ఉండే పొగాకు సిగరెట్‌లో ఉండేదానిలో మూడో వంతు కూడా ఉండదు. కాని తునికాకులోంచి గాలి సరిగ్గా ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ లాగాలి. అందుకే లోపలికి వెళ్ళే నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కి తీసిపోవు, చాలాసార్లు ఎక్కువే. అన్నీ కలిపితే సగటున రోజుకి ఇరవై, పదిహేడో ఏట నుంచి. మా లెక్కలో రోజుకి ఇరవై చొప్పున ఒక ఏడాది తాగితే ఒక ప్యాక్ ఇయర్. ఈయనవి 24.

ఆ పూట చేసిన ఒక చిన్న పరీక్ష గురించి చెప్పాలి. నొప్పి పూర్తిగా తగ్గి స్థిమితపడ్డాక ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే యంత్రంలోకి ఊదించాను. 16 పీపీఎం వచ్చింది. పొగ తాగనివాళ్ళకి ఆరు లోపు ఉంటుంది. 16 అంటే రక్తంలోని హిమోగ్లోబిన్‌లో సుమారు మూడు శాతాన్ని ఆ వాయువు ఆక్రమించి ఉందని. ఆఖరి సిగరెట్ తాగి అప్పటికే ఐదు గంటలు దాటింది. ఈ వాయువు రక్తంలోంచి సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి నొప్పి మొదలైనప్పుడు అది ఆరు శాతం దాకా ఉండి ఉంటుంది. అదే సమయంలో వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు 98 చూపిస్తోంది. ఆ మీటరుకి ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్నదానికీ తేడా తెలియదు, రెండూ దానికి ఎర్రగానే కనిపిస్తాయి. పొగ తాగేవాళ్ళ విషయంలో ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉండకూడదని మా జూనియర్లకి నేను ఎప్పుడూ చెబుతుంటాను.

లోపల ఏం కనిపించింది

మర్నాడు పొద్దున యాంజియో చేశాం. గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే ఎల్ఏడీ ధమనిలో రక్తం చక్కగా పారుతోంది. పై భాగంలో ఒకచోట మాత్రం అంచు మసకగా ఉంది. అక్కడ ఇరుకు ఎంతా అని కొలిస్తే నలభై శాతం. మిగతా రెండు ధమనుల్లో ఏమీ లేదు.

నలభై శాతం బ్లాకు ఉన్నవాళ్ళు మెట్లెక్కుతారు, బరువులు మోస్తారు, ట్రెడ్‌మిల్ పరీక్షలో పాసవుతారు. అంత ఇరుకుతో గుండెకి రక్తం తక్కువ కాదు. అంటే ముందురోజు తెల్లవారుజామున ఆ ధమనిని మూసేసింది కొవ్వు కాదు. కొవ్వు మీద కట్టిన రక్తపు గడ్డ.

అనుమానం తీర్చుకోవడానికి ఓసీటీ చేశాం. వెంట్రుకంత సన్నటి తీగ చివర నుంచి కాంతిని పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి రక్తనాళపు గోడను లోపలి నుంచి బొమ్మ తీసే పరీక్ష ఇది. రక్తం అడ్డొస్తే బొమ్మ రాదు కాబట్టి మందు నీళ్ళతో ఆ రెండు మూడు సెకన్లు రక్తాన్ని తోసేసి తీగను వెనక్కి లాగుతాం. మామూలుగా గుండెపోటులో కొవ్వు గుల్ల మీది పైకప్పు పగిలి, లోపలి కొవ్వు బయటపడి, దాని మీద గడ్డ కడుతుంది. ఈయనకి పైకప్పు ఎక్కడా పగల్లేదు. మందంగా, గట్టిగా ఉంది. దాని మీద కాంతి దాటిపోయేంత పల్చటి తెల్ల గడ్డ ముక్కలు మాత్రం అంటుకుని ఉన్నాయి. తెల్ల గడ్డ అంటే ఎక్కువ భాగం ప్లేట్‌లెట్లే, అంటే రక్తాన్ని గడ్డకట్టించే సన్నటి కణాలే. దీన్ని మేం ఇరోజన్ అంటాం. గోడ పగలదు, గోడకి ఉన్న లోపొర చెరిగిపోతుంది. గడ్డ పెద్దదిగా, ఎర్రగా ఉంటే దాని నీడలో కింద ఏముందో కనపడదు, అప్పుడు ఈ మాట ఖాయంగా చెప్పలేం. ఈయనకి ముందే కరిగించే మందు, ఆపైన ఒక రోజంతా గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ పడటం వల్ల గడ్డ చాలావరకు పోయి కింది గోడ స్పష్టంగా కనిపించింది.

పైకప్పు పగలడానికి కొలెస్ట్రాల్‌తో సంబంధం ఎక్కువ. పైకప్పు చెక్కుచెదరకుండానే గడ్డ కట్టడం పొగ తాగేవాళ్ళలో, అందులోనూ తక్కువ వయసువాళ్ళలో ఎక్కువగా చూస్తాం.

స్టెంట్ వెయ్యలేదు. బయట వాళ్ళ బావమరిది కంగారుపడ్డాడు. "డబ్బులకి వెనకాడం సార్, వేసెయ్యండి" అన్నాడు. ఇరుకు డెబ్బై శాతం లోపు ఉండి, రక్తం బాగా పారుతూ, నొప్పి లేకుండా, ఓసీటీలో ఇరోజన్ అని తేలితే రెండు రకాల ప్లేట్‌లెట్ మందులతో స్టెంట్ లేకుండా నడిపించవచ్చని చైనాలో చేసిన ఇరోజన్ స్టడీ 2017లో చూపించింది. అది చిన్న అధ్యయనం, ఎంచుకున్న రోగుల్లో చేసింది. గుండెపోటు వచ్చిన చాలామందికి స్టెంట్ అవసరం పడుతుంది, దీన్ని చదివి ఎవరూ స్టెంట్ వద్దనుకోకూడదు. కాని ఈ మనిషికి తెరుచుకునే ఉన్న నాళంలో లోహపు గొట్టం పెట్టడం కన్నా, గడ్డ మళ్ళీ కట్టకుండా చూసుకోవడమే అసలు వైద్యం అనిపించింది. అందులో మందులు చేసేది ఒక భాగం. రెండో భాగం ఆయన చేతిలో ఉంది.

తామరాకు మీద నీటిబొట్టు

వార్డులో ఆయనకి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. రక్తనాళాలన్నిటికీ లోపల ఒకే ఒక కణం మందంతో ఒక పొర ఉంటుంది. పేరు ఎండోథీలియం. రక్తం దాని మీద తామరాకు మీద నీటిబొట్టులా జారిపోవాలి, అంటుకోకూడదు. రక్తం ఒంట్లోంచి బయటికొస్తే నిమిషాల్లో గడ్డకడుతుంది, లోపల మాత్రం డెబ్బై ఏళ్ళు గడ్డకట్టకుండా తిరుగుతుంది. అంటే అదంతా ఈ పొర చలవే. అది విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు రెండు పనులు చేస్తుంది. నాళం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేసి నాళాన్ని విప్పుతుంది. ప్లేట్‌లెట్లని దగ్గరికి రానివ్వదు. ఈ వాయువు కథ విప్పినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి 1998లో నోబెల్ ఇచ్చారు.

పొగలో నికోటిన్ ఒక్కటే ఉందనుకుంటారు. ఆకు కాలినప్పుడు పుట్టే, తగిలినదాన్నల్లా పాడుచేసే ఫ్రీ రాడికల్స్ ఒక్కో పీల్పులోనూ లెక్కలేనన్ని ఉంటాయి. అవి ఊపిరితిత్తుల మీదుగా రక్తం దాకా వచ్చే ఒత్తిడికి నాళాల్లో సూపర్‌ఆక్సైడ్ అనే అదే జాతి పదార్థం పెరుగుతుంది. సూపర్‌ఆక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్‌ని కనపడగానే పట్టేసి పెరాక్సీనైట్రైట్ అనే విషంగా మార్చేస్తుంది. అంతటితో ఆగదు. నైట్రిక్ ఆక్సైడ్‌ని తయారుచేసే ఎంజైమ్‌కి తోడుగా ఉండే పదార్థాన్ని కూడా పాడుచేస్తుంది. అప్పుడు ఆ ఎంజైమే నైట్రిక్ ఆక్సైడ్‌కి బదులు సూపర్‌ఆక్సైడ్‌ని చెయ్యడం మొదలుపెడుతుంది. కంచే చేను మేసిందంటాం చూడండి, సరిగ్గా అదే జరుగుతుంది.

అలా పొర మొద్దుబారిన చోట ప్లేట్‌లెట్లు అంటుకుంటాయి. పొగ తాగేవాళ్ళ ప్లేట్‌లెట్లు ముందే రెచ్చిపోయి ఉంటాయి. గడ్డకి దారంలా పనికొచ్చే ఫైబ్రినోజెన్ రక్తంలో ఎక్కువగా ఉంటుంది. కట్టిన గడ్డను కరిగించడానికి ఆ పొర విడుదల చేసే సహజమైన మందు తక్కువవుతుంది. వీటికి తోడు నికోటిన్ అడ్రినలిన్‌ని ఎగదోసి గుండె వేగాన్ని నిమిషానికి పది పదిహేను పెంచుతుంది, ధమనుల్ని బిగిస్తుంది. గుండె ఎక్కువ ఆక్సిజన్ అడుగుతున్న వేళకే కార్బన్ మోనాక్సైడ్ వచ్చి ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. మార్టూరు దగ్గర మూడో సిగరెట్ వేళకి ఇవన్నీ ఒకేసారి జరిగాయి.

ఈ పొర పనితీరును మనిషి బతికుండగా, ఏ కోతా లేకుండా చూడవచ్చు. మోచేతి కింద బీపీ పట్టీ కట్టి ఐదు నిమిషాలు రక్తం ఆపుతారు. వదలగానే రక్తం ఒక్కసారి పరుగెత్తుతుంది. ఆ పరుగుకి ఆరోగ్యమైన ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్ వదిలి పైన ఉన్న చేతి ధమనిని కాస్త వెడల్పు చేస్తుంది. ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. 1993లో సెలర్‌మేజర్ బృందం ఏ జబ్బూ లేని పడుచువాళ్ళ మీద ఈ పరీక్ష చేసింది. పొగ తాగేవాళ్ళ ధమని సరిగ్గా విప్పుకోలేదు. ఎంత ఎక్కువ తాగితే అంత తక్కువ విప్పుకుంది. మానేసినవాళ్ళలో కొంత మెరుగ్గా ఉంది. అంటే కొవ్వు పేరుకోవడానికి ఏళ్ళ ముందే పొర దెబ్బతింటుంది, ఆ దెబ్బ కొంతైనా తిరిగి నయమవుతుంది.

రెండు గడియారాలు

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటి. పొగ మానితే గుండెకి ఎన్నాళ్ళలో మేలు అని అడిగితే ఒక్క అంకె చెప్పడం సరికాదు. రెండు గడియారాలున్నాయి. గడ్డకట్టే గుణానిది వేగంగా తిరిగే గడియారం. పేరుకున్న కొవ్వుది నిదానంగా తిరిగేది. ఈ లారీ డ్రైవర్ ధమనిలో రెండూ పక్కపక్కనే కనిపించాయి. వంద శాతం మూసిన గడ్డ ఒక పూటలో కరిగింది. నలభై శాతం కొవ్వు అక్కడే ఉంది.

వేగం గడియారం ఇలా నడుస్తుంది. ఆఖరి సిగరెట్ తర్వాత గంటలోపే గుండె వేగం తగ్గడం మొదలవుతుంది. ఒక రోజులో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం నుంచి పది రోజులు. అందుకే రెండు వారాల్లో పొగ ఎరగని కొత్త తరం ప్లేట్‌లెట్లు వచ్చేస్తాయి, అతుక్కునే గుణం తగ్గినట్టు పరీక్షల్లో తెలుస్తుంది. ఫైబ్రినోజెన్ కొన్ని వారాల్లో దిగుతుంది. ఎండోథీలియం మరీ అంత త్వరగా కోలుకోదు. 2010లో అమెరికాలో పదిహేను వందల మందికి పైగా పొగ తాగేవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, ఏడాది మానేసినవాళ్ళ చేతి ధమని విప్పుకునే శాతం 6.2 నుంచి 7.2కి పెరిగింది. మాననివాళ్ళలో కదల్లేదు. మానినవాళ్ళు బరువు పెరిగారు, అయినా ధమని మెరుగైంది.

ఇది పరీక్షల్లో కనపడే మార్పు మాత్రమేనా, నిజంగా గుండెపోట్లు తగ్గుతాయా? 41 దేశాల్లో జరిగిన ఒయాసిస్-5 అనే ట్రయల్లో గుండె నొప్పితో చేరినవాళ్ళని 2010లో మరోసారి లెక్కగట్టారు. చేరిన నెలకి పొగ మానేసినవాళ్ళకి, మాననివాళ్ళతో పోలిస్తే ఆరు నెలల్లో మళ్ళీ గుండెపోటు వచ్చే అవకాశం 43 శాతం తక్కువగా ఉంది. మా రోగికి వచ్చింది పూర్తిగా మూసుకున్న రకం, వాళ్ళది అది కాదు. పైగా మానేసినవాళ్ళు మందులు కూడా శ్రద్ధగా వేసుకునేవాళ్ళై ఉండవచ్చు, ఇలాంటి అధ్యయనాల్లో అది పూర్తిగా విడదీయలేం. అయినా ఆరు నెలల్లో కొవ్వు కరగదు. అంత త్వరగా అంత తేడా వచ్చిందంటే అది గడ్డకట్టే గుణం తగ్గడం వల్లే అని నా అభిప్రాయం.

నా పొరపాటు, ఆరో వారం

ఐదో రోజు ఇంటికి పంపాం. ఊదిస్తే 2 పీపీఎం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సిగరెట్ అడగలేదు. భయం అలా చేస్తుంది. నేను ఆ భయాన్నే నమ్ముకుని, "ఇక తాగకండి" అని గట్టిగా చెప్పి, గుండె మందులన్నీ రాసి, పొగ మానడానికి మందు మాత్రం రాయలేదు. అది నా తప్పు. గుండెపోటు భయం నాలుగైదు వారాల్లో పల్చబడుతుందని నాకు తెలుసు. అప్పుడు పట్టుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

ఆరో వారం ఓపీకి వచ్చాడు. ఒక్కటి కూడా తాగలేదన్నాడు. ఊదిస్తే 11. ఆ అంకెను చూడగానే అబద్ధమని తేల్చెయ్యకూడదు. ఇంజిన్ పొగలో గంటల తరబడి నిలబడ్డా, పక్కవాళ్ళు తాగుతుంటే మూసిన గదిలో కూర్చున్నా కొంత పెరుగుతుంది. అందుకే యంత్రం ఆయన వైపు తిప్పి చూపించి, "ఇది ఎలా వచ్చి ఉంటుందంటారు?" అని మాత్రం అడిగాను. కాసేపు నేల చూశాడు. "పొద్దున బస్టాండులో ఒకటి కొట్టాను సార్. లారీ ఆఫీసుకి వెళ్తే అందరూ టీ తాగుతూ... రోజుకి రెండే సార్, మూడు. ఇరవై నుంచి మూడుకి తగ్గించాను కదా." ఇది పట్టుకోగలిగింది ఆ పొద్దున తాగడం వల్లే. ముందురోజు సాయంత్రం తాగి ఉంటే మీటరులో 4 వచ్చేది, నేను శభాష్ అని పంపేసేవాణ్ణి. ఈ పరీక్షకి ఉన్న పరిమితి అదే, దానికి నిన్నటి సంగతి గుర్తుండదు.

"ఇరవై నుంచి మూడు" అన్నది ఆయన నిజాయితీగా చెప్పిన మాట. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో తగ్గించినదానికి తగ్గట్టు ముప్పు దాదాపుగా తగ్గుతుంది. గుండె విషయంలో అలా కాదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద విశ్లేషణలో, అసలు తాగని మగవాళ్ళతో పోలిస్తే రోజుకి ఇరవై తాగేవాళ్ళకి గుండెజబ్బు ముప్పు రెండింతలు ఉంది. రోజుకి ఒకే ఒక్కటి తాగేవాళ్ళకి దాదాపు ఒకటిన్నర రెట్లు. అంటే ఇరవైలో పంతొమ్మిది మానేసినా అదనపు ముప్పులో దాదాపు సగం అలాగే ఉంటుంది. ఎందుకో పైన చెప్పిన పొర కథ వింటే అర్థమవుతుంది. ప్లేట్‌లెట్లని రెచ్చగొట్టడానికి, ఎండోథీలియాన్ని మొద్దుబార్చడానికి కొద్ది పొగ చాలు. ఆ తర్వాత ఎంత పోసినా పెద్దగా పెరగదు. ఆ బొమ్మ ఆయనకి కాగితం మీద గీసి చూపించాను. చాలాసేపు ఆ గీతనే చూస్తూ కూర్చుని "అయితే మూడు తాగి నేను సాధించింది సగమేనన్నమాట" అన్నాడు.

ఆ రోజు వరెనిక్లిన్ మొదలుపెట్టాం. మొదటి మూడు రోజులు 0.5 మిల్లీగ్రాములు రోజుకొకటి, తర్వాత నాలుగు రోజులు రెండు పూటలా, ఎనిమిదో రోజు నుంచి 1 మిల్లీగ్రాము రెండు పూటలా, మొత్తం పన్నెండు వారాలు. ఎనిమిదో రోజు నుంచి సిగరెట్ ముట్టుకోకూడదని తేదీ రాసుకున్నాం. ఈ మందు మెదడులో నికోటిన్ కూర్చునే చోట తాను సగం కూర్చుంటుంది. దాంతో తాగాలనే తహతహ తగ్గుతుంది, తాగినా మునుపటి మజా రాదు. గుండెపోటు వచ్చినవాళ్ళలోనే చేసిన ఎవిటా ట్రయల్లో ఈ మందు వాడినవాళ్ళలో ఆరు నెలలకి దాదాపు 47 శాతం మంది మానేసి ఉన్నారు, ఉత్తి మాత్ర వాడినవాళ్ళలో 33 శాతం. మందు వాడినవాళ్ళలోనూ సగానికి పైగా మానలేకపోయారన్న సంగతి కూడా అందులోనే ఉంది. వికారం రాకుండా అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోమన్నాను. కలలు ఎక్కువొస్తే రాత్రి మాత్రను సాయంత్రమే వేసుకోమన్నాను. డ్రైవర్ కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాను. ఈ మందుతో కొందరికి మగత, తల తిరగడం ఉంటాయి, అవి లేవని తేలేదాకా స్టీరింగ్ పట్టకూడదు. ఎలాగూ గుండె పంపింగ్ చూసేదాకా బండెక్కనివ్వం కాబట్టి సమయం కలిసొచ్చింది.

పొగకి బదులు వాడే నికోటిన్ బిళ్ళ గుండెకి మంచిది కాదేమోనని వాళ్ళావిడ అడిగింది. ఆ మాట చాలామంది డాక్టర్లే అంటారు. బిళ్ళలో నికోటిన్ ఉంటుంది గాని, కాలే ఆకు ఉండదు. కార్బన్ మోనాక్సైడ్, ఫ్రీ రాడికల్స్ లేవు. స్థిమితపడిన గుండె రోగులకి అది సిగరెట్ కన్నా ఎంతో క్షేమం. ఖైనీ మాత్రం ఆ కోవలోకి రాదు. బావమరిది జేబులోంచి పొట్లం తీసి "ఇది పొగ కాదు కదా సార్" అన్నాడు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో నమిలే పొగాకుకి కూడా గుండెపోటు ముప్పు రెండింతలు దాటింది.

రెండో వారంలో ఫోన్ చేశాడు. నిద్ర పట్టడం లేదు, గుండె దడ, చేతులు వణుకుతున్నాయన్నాడు. మందు పడలేదని ఆపేద్దామనుకున్నాడు. రోజుకి ఎన్ని టీలు తాగుతున్నారని అడిగితే ఎనిమిది, తొమ్మిది అన్నాడు. పొగలోని తారు కాలేయంలో ఒక ఎంజైమ్‌ని చురుగ్గా ఉంచుతుంది, టీలోని కెఫీన్‌ని కరిగించేది అదే. పొగ మానగానే అది నెమ్మదిస్తుంది. అదే తొమ్మిది టీల కెఫీన్ ఒంట్లో చాలా ఎక్కువసేపు ఉంటుంది. నాలుగుకి తగ్గించమన్నాను. వారంలో నిద్ర కుదుటపడింది. ఇది చిన్న సంగతే, కాని దీన్ని తహతహ అనుకుని మళ్ళీ సిగరెట్ ముట్టించినవాళ్ళని చూశాను.

ఏడాది తర్వాత

మూడో నెల ఎకోలో గుండె పంపింగ్ 45 నుంచి 55 శాతానికి వచ్చింది. ట్రెడ్‌మిల్ బాగుంది. మందుతో మగత గాని, తల తిరగడం గాని లేవని అప్పటికి ఆరు వారాలుగా చూశాం. బండెక్కనిచ్చాను, మొదట పగటి ట్రిప్పులు మాత్రమే. మూడు నాలుగుసార్లు చెప్పకుండా పొద్దునా సాయంత్రం రెండు వేళల్లో ఊదించాం, ఎప్పుడూ మూడు దాటలేదు.

గుండెపోటు వచ్చి ఏడాది నిండిన వారం వచ్చాడు. ఆఖరి సిగరెట్ తాగి పది నెలలు దాటింది. బరువు 66 నుంచి 70 అయ్యింది. మానినవాళ్ళు మొదటి ఏడాది సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు, అందుకు నేను కంగారుపడలేదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుతో ఎల్‌డీఎల్ 54కి దిగింది. కూర్చోగానే అడిగాడు. "ఏడాదయింది కదా సార్. ఇప్పుడు నేను అసలు తాగనివాడితో సమానమేనా?"

కాదన్నాను. ఎందుకో ఆయనకి చెప్పిన అంకెలే ఇక్కడ రాస్తాను. ఇంటర్‌హార్ట్‌లో తాగుతున్నవాళ్ళకి గుండెపోటు ముప్పు తాగనివాళ్ళకన్నా దాదాపు మూడు రెట్లు. మానిన మొదటి మూడేళ్ళలోనే అది రెండు రెట్ల లోపుకి, 1.87కి వచ్చింది. అంటే మొదటి పెద్ద మెట్టు త్వరగా దిగుతాం, అది వేగం గడియారం చేసే మేలు. ఆ తర్వాత దిగుడు నిదానం. రోజుకి పది లోపు తాగి మానేసినవాళ్ళకి మూడు నుంచి ఐదేళ్ళలో అదనపు ముప్పు కనపడకుండా పోయింది. మానేసినవాళ్ళందరినీ కలిపి చూస్తే మాత్రం ఇరవై ఏళ్ళు దాటినా సుమారు 22 శాతం మిగిలే ఉంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ళని దశాబ్దాలుగా గమనిస్తున్న అధ్యయనం 2019లో ఇంచుమించు ఇదే మాట చెప్పింది. 20 ప్యాక్ ఇయర్లు దాటినవాళ్ళు మానేస్తే, తాగుతూనే ఉన్నవాళ్ళకన్నా గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు ఐదేళ్ళలోపే 39 శాతం తగ్గింది. అసలు తాగనివాళ్ళతో సమానం కావడానికి మాత్రం పదేళ్ళ పైన, ఇంకా ఎక్కువే పట్టింది. ఈయనవి 24 ప్యాక్ ఇయర్లు. ఎల్ఏడీలో నలభై శాతం కొవ్వు అక్కడే ఉంది, దాని మీది పొర ఇప్పుడు కోలుకుంటోంది.

"అంటే సార్, పెద్ద మెట్టు దిగేశాను. మిగిలింది వాలు" అన్నాడు. వాలు దారి లారీ డ్రైవర్‌కి నేను నేర్పేదేముంది.

క్లోపిడోగ్రెల్ ఆపి ఆస్పిరిన్, స్టాటిన్ కొనసాగించమన్నాను. ఆరు నెలలకి లిపిడ్ పరీక్ష, ఏడాదికి ఎకో రాశాను. లేస్తూ వాళ్ళ తమ్ముడి సంగతి చెప్పాడు. ముప్పై నాలుగేళ్ళు, అదే రూటులో బండి నడుపుతాడు, రోజుకి పెట్టెన్నర. నొప్పి లేదు, ఏమీ లేదు, అందుకే రానంటున్నాడట. వచ్చే శనివారం తీసుకొస్తానన్నాడు. మూడు శనివారాలు గడిచాయి, ఇంకా రాలేదు. ఈ శనివారం నేనే ఫోన్ చేస్తున్నాను.